అరువు పేర్ల పేజీ

రాజమండ్రి, అమలాపురం, భీమవరాల్లో ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేసే చోట ఒక సలహా వేదవాక్యంలా చెలామణీ అవుతోంది. "అనుభవం లేదని రాశారంటే ఫైలు అక్కడితో సరండి. ఓ రిటైర్డు బ్యాంకు మేనేజరు గారి పేరు, ఓ ప్రొఫెసరు గారి పేరు, అమెరికాలో ఉన్న బాబాయి గారి పేరు సలహాదారులుగా వేయండి. కింద ‘తగిన అర్హతలున్న సిబ్బందిని నియమిస్తాం’ అని ఓ వాక్యం రాయండి. ఆ పేజీ ఎవరు చదువుతారండీ!" మొదటిసారి వ్యాపారం పెట్టే పిల్లలు ఇది విని తలూపుతారు. ఇరవై రెండు పేజీల రిపోర్టులో యాజమాన్య బృందం అనే ఒక్క పేజీ అలా అరువు పేర్లతో నిండిపోతుంది.

ఈ సలహా తప్పని నా వాదన. అబద్ధం ఆడకూడదు కాబట్టి తప్పని సరిపెట్టడం లేదు. ఇది అప్పు తీసుకునేవాడికే నష్టం చేస్తుంది, ఆ నష్టం రూపాయల్లో లెక్కకు వస్తుంది. పైగా సలహాలోనే పొసగని సంగతి ఉంది. ఆ పేజీ ఎవరూ చదవకపోతే పెద్దల పేర్లతో అలంకరించడం దేనికి? చదివితే, చదివేవాడు ఆ పేర్లకు ఫోన్ చేయడని ధీమా ఏమిటి?

ముందు అవతలి వాదనలో నిజమున్నంత వరకు ఒప్పుకుంటాను. అప్పిచ్చేవాళ్లు, పెట్టుబడి పెట్టేవాళ్లు మనుషుల్ని చూస్తారు. యంత్రం ఎవరైనా కొనగలరు, దాన్ని నడిపేవాళ్లెవరన్నదే ప్రశ్న. అనుభవం ఉంటే దారి సుగమమనేదీ నిజమే. అనుభవం లేకపోతే దారే లేదని దాన్నుంచి తేల్చడం మాత్రం చెల్లదు. మన పల్లెల్లో ఎక్కువగా వినపడే పీఎంఈజీపీ పథకాన్నే చూడండి. పది లక్షలు దాటిన తయారీ యూనిట్టుకు ప్రమోటరు కనీసం ఎనిమిదో తరగతి పాసై ఉండాలని దాని మార్గదర్శకాలు అడుగుతాయి. అదే వ్యాపారంలో ఇన్నేళ్లు పనిచేసి ఉండాలని అడగవు. సబ్సిడీ విడుదలకు ముందు వ్యాపార శిక్షణ పూర్తిచేయమంటాయి. అంటే కొత్తవాళ్లు వస్తారని ఊహించే ఆ పథకం రాశారు. దాని కింద దరఖాస్తు పెడుతూ కొత్తవాళ్లం కామని నటించడం దేనికి?

ఆ నటన నిలవదు కూడా. ఆధార్ కార్డులో వయసు ఉంటుంది, ఆదాయపు పన్ను రిటర్నుల్లో నిన్నటిదాకా జీతం ఎక్కడ అందిందో ఉంటుంది. ఫీల్డు ఆఫీసరు స్థలం చూడ్డానికి వచ్చి రెండు ప్రశ్నలు వేస్తే మిగతాది బయటపడుతుంది. అనుభవం లేదన్న సంగతి ఎలాగూ తెలిసిపోతుంది. అది మన నోట తెలుస్తుందా, మనం దాస్తే వాళ్లు కనిపెడతారా అన్నదొక్కటే మన చేతిలో ఉన్నది. వాళ్లే కనిపెడితే ఆ పేజీతో పాటు అమ్మకాల అంచనాల పేజీ మీద కూడా నమ్మకం పోతుంది.

గొప్ప పేర్లు ఏం కాపాడతాయో మన గోదావరి జిల్లాలవాళ్లకు వేరే చెప్పాలా? భీమవరంలో పుట్టిన రామలింగరాజు గారి సత్యం కంప్యూటర్స్ బోర్డులో హార్వర్డు ప్రొఫెసరు కృష్ణ పాలేపు, పెంటియం చిప్‌తో పేరుపొందిన వినోద్ ధామ్, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ రామమోహనరావు, మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఆర్. ప్రసాద్ వంటివాళ్లు ఉండేవారు. అంత పాండిత్యం ఒక బల్ల చుట్టూ కూర్చోవడం అరుదు. 2008 డిసెంబరులో మేటాస్ కంపెనీల కొనుగోలుకు ఆ బోర్డే సరేనంది. 2009 జనవరి 7న రాజుగారు మోసం ఒప్పుకుంటూ లేఖ రాసేదాకా, ఖాతాల్లో చూపిన నగదు నిజానికి లేదని వాళ్లకు కనపడలేదు. వాళ్ల నిజాయితీని నేను శంకించడం లేదు. ఏడాదిలో కొన్నిసార్లు కూర్చునే పెద్దమనిషికి రోజువారీ లెక్క కనపడదు, అంతే. లిస్టెడ్ కంపెనీ బోర్డుకు చట్టపరమైన బాధ్యతలున్నాయి, ఆడిటు కమిటీ ఉంది. అంత ఏర్పాటు ఉన్నా పేర్లు కాపలా కాయలేకపోతే, అంబాజీపేట యూనిట్టులో ఏ బాధ్యతా లేని ‘గౌరవ సలహాదారు’ ఏం కాపలా కాస్తారు?

ఒక యూనిట్టును ఊహించుకుని లెక్క వేద్దాం. అంబాజీపేట దగ్గర ఒక అక్క, తమ్ముడు వర్జిన్ కొబ్బరినూనె యూనిట్టు పెడదామనుకున్నారు. అక్క హైదరాబాదులో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసింది. తమ్ముడు నాన్నగారి కొబ్బరి వ్యాపారంలో నాలుగేళ్లుగా ఉన్నాడు. ప్రాజెక్టు వ్యయం 48 లక్షలు. దరఖాస్తు అక్క పేరున. పల్లెలో మహిళ పెట్టే యూనిట్టు కాబట్టి ఆమె వాటా ఐదు శాతం, అంటే 2 లక్షల 40 వేలు. సబ్సిడీ 35 శాతం, 16 లక్షల 80 వేలు. ఆ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్టుగా ఉండి, యూనిట్టు నడుస్తోందని చూశాక అప్పులో జమ అవుతుంది. పేజీ మీద రాసిన అబద్ధం శాంక్షను రోజుదాకా బతికితే చాలదని అర్థం. యూనిట్టు మూడేళ్లు నడవాలి, నడిపేది పేపరు మీది పేర్లు కాదు.

రిపోర్టు రాసినాయన ఇచ్చిన మొదటి ప్రతిలో తమ్ముడికి ‘కొబ్బరి పరిశ్రమలో 25 ఏళ్ల అనుభవం’ ఉంది. ఆ పాతికేళ్లు నాన్నగారివి, అబ్బాయి వయసు ఇరవై ఏడు. అక్కకు ‘మేనేజ్‌మెంట్ నిపుణురాలు’ అని రాశారు. సలహాదారులు ముగ్గురు: రిటైర్డు బ్యాంకు మేనేజరు, పరిశోధన కేంద్రంలో ఇప్పుడు పనిచేస్తున్న శాస్త్రవేత్త, న్యూజెర్సీ బాబాయి. ఉత్పత్తి మేనేజరును, మార్కెటింగ్ మేనేజరును ‘తగు సమయంలో నియమిస్తారు’.

ఈ ముగ్గురినీ ఎందుకు ఎంచారో గమనించండి. బ్యాంకు మేనేజరు గారి పేరు రిపోర్టు చదివే బ్యాంకు వాళ్లను మెప్పించడానికి వేశారు, యూనిట్టులో ఖాళీగా ఉన్న పని చేయడానికి కాదు. బ్యాంకులో మేనేజర్లకు కొరత లేదు, యూనిట్టులో నూనె పాడవకుండా చూసే మనిషికి కొరత. శాస్త్రవేత్త గారి సంగతి ఇంకా ఇబ్బంది. సర్వీసులో ఉన్న ఉద్యోగి పై అధికారుల అనుమతి లేకుండా ప్రైవేటు సంస్థలో సలహాదారుగా పేరు పెట్టుకోవడానికి సర్వీసు నిబంధనలు ఒప్పవు. ప్రేమగా నాలుగు మాటలు చెప్పిన మనిషిని చిక్కులో పడేస్తున్నాం. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం నుంచో, కాసరగోడు సీపీసీఆర్‌ఐ నుంచో సహాయం కావాలంటే సంస్థతో రాతపూర్వకంగా శిక్షణో, సాంకేతిక ఒప్పందమో చేసుకుని ఆ కాగితాన్నే జతచేయాలి. తణుకు ఆంధ్రా షుగర్స్ ఇస్రోకు రాకెట్ ఇంధనం తయారుచేసిందంటే చక్కెరలో అనుభవం దానికి పనికొచ్చి కాదు. సాంకేతిక పరిజ్ఞానం ఇస్రో నుంచి ఒప్పందం మీద వచ్చింది. లేని అనుభవాన్ని తెచ్చుకునే పద్ధతి అది.

బాబాయి గారికీ ఒక హెచ్చరిక. ఏదో పిల్లలకు సాయం అని పేరు ఇచ్చే పెద్దలు ఆ కాగితంలో తమను ఏమని రాశారో చూసుకోవాలి. సంస్థ భాగస్వామ్యమై, ‘పార్ట్‌నర్’ అని రాయడానికి తెలిసి ఒప్పుకుంటే, ఆ మాట నమ్మి అప్పిచ్చినవాడి ముందు ఆయన కూడా బాధ్యుడవుతాడని 1932 భాగస్వామ్య చట్టం 28వ సెక్షను చెబుతోంది. రూపాయి పెట్టకపోయినా సరే.

ఇక అసలు పని. మనుషుల్ని పక్కనపెట్టి ముందు యూనిట్టులో రోజూ తీసుకోవాల్సిన నిర్ణయాలు రాయాలి. ఈ నూనె యూనిట్టులో అవి నాలుగు. ఏ కాయ, ఏ ధరకు కొనాలి. తీసిన పాలు, నూనె బాగున్నాయా లేదా. ఎవరికి అమ్మాలి. డబ్బు ఎటు పోతోంది. మొదటిది తమ్ముడికి వచ్చు, ఆ మాట ధైర్యంగా రాయొచ్చు. ‘నాలుగేళ్లుగా అంబాజీపేట మార్కెట్టులో కాయలు గ్రేడు చేసి కొంటున్నాడు, ఏ గ్రామాల నుంచి ఏ నెలల్లో కాయ వస్తుందో తెలుసు.’ పాతికేళ్లని రాసిన అబద్ధం కంటే ఈ నాలుగేళ్ల నిజం బరువైనది, ఎందుకంటే దాని మీద ఎన్ని ప్రశ్నలు వేసినా అబ్బాయి జవాబు చెప్పగలడు. నాలుగోది అక్క చేయగలదు. టెస్టింగ్ ఉద్యోగంలో ఆమె నేర్చింది మేనేజ్‌మెంట్ కాదు, ప్రతి లోపాన్నీ తేదీతో సహా నమోదు చేసి అది సరయ్యేదాకా వెంటబడటం. బ్యాచ్ రికార్డులు రాయడానికి సరిగ్గా అదే కావాలి. జీఎస్టీ, రిటర్నులకు మాత్రం నెలవారీ అకౌంటెంటు అవసరం.

రెండోది, మూడోది ఖాళీ. ఆ పేజీ మీద ఈ మాట స్పష్టంగా ఉండాలి: ‘నూనె నాణ్యత చూసిన అనుభవం మా ఇద్దరికీ లేదు. సీసాలో నింపిన సరుకు అమ్మిన అనుభవమూ లేదు.’ కన్సల్టెంట్లు భయపడేది ఈ రెండు వాక్యాలకే. నా దృష్టిలో రిపోర్టు మొత్తంలో విలువైన వాక్యాలు ఇవే, ఎందుకంటే వీటి తర్వాత రాసేదంతా ఈ ఖాళీల్ని ఎలా పూడుస్తారన్న దానికి జవాబుగా మారుతుంది.

నాణ్యత సంగతి సలహాదారుతో ఎందుకు తీరదో చూద్దాం. పగలగొట్టిన కొబ్బరి, పిండిన పాలు కొన్ని గంటల్లోనే పులవడం మొదలెడతాయి. నూనెలో తేమ మిగిలితే సీసాలో పడిన రోజు ఏమీ తెలియదు, కొన్ని వారాలకు షాపులో మూత తీసినప్పుడు ముక్కిన వాసన వస్తుంది. డిసెంబరు చలికి కొబ్బరినూనె ఎలాగూ గడ్డకడుతుంది కాబట్టి, మసకబారింది చలికా తేమకా అన్నది కంటిచూపుతో తేలదు, పరీక్ష చేయాలి. ఇవి రోజూ, బ్యాచ్ బ్యాచ్‌కీ జరగాల్సిన పనులు. నెలకు రెండుసార్లు వచ్చే సలహాదారు పోయిన వారం పాడైన బ్యాచ్ ఎందుకు పాడైందో చెప్పగలరు, ఈ పూట పాడవుతున్నదాన్ని ఆపలేరు. ఆపే మనిషి జీతానికి ఉండాలి. ఉత్పత్తిని పర్యవేక్షించడానికి సైన్సు డిగ్రీ గానీ ఫుడ్ టెక్నాలజీ చదువు గానీ ఉన్న సాంకేతిక వ్యక్తి కనీసం ఒకరు ఉండాలని ఆహార భద్రత లైసెన్సు షరతులు కూడా చెబుతాయి. ‘తగు సమయంలో నియమిస్తాం’ అనే వీలు చట్టంలోనే లేదు.

సలహాదారు అక్కర్లేదని నేననడం లేదు. యంత్రం ఎంపికకు, ట్రయల్ బ్యాచ్‌లకు, కొత్తగా చేరిన సూపర్వైజరుకు పని నేర్పడానికి ఇలాంటి యూనిట్టు నడిపి రిటైరైన ఒక ఇంజనీరు దొరికితే అదృష్టమే. అప్పుడాయన గురించి పేజీలో ఇలా ఉండాలి: ‘మొదటి ఆరు నెలలు నెలకు రెండు రోజులు, తర్వాత ఆరు నెలలు నెలకు ఒక రోజు యూనిట్టుకు వస్తారు. రోజుకు ఐదు వేలు ఫీజు. యంత్రాల ఎంపిక, నాణ్యత పద్ధతి మీద సలహా ఇస్తారు. పెట్టుబడి పెట్టలేదు, అప్పుకు హామీదారు కారు, సంతకం అధికారం లేదు. ఆయన సమ్మతి లేఖ జతచేశాం.’ ఆయన ఏం చేయరో రాయడం వల్లే ఏం చేస్తారన్నది నమ్మబుద్ధవుతుంది. ఫీజు బదులు వాటా ఇద్దామని అమెరికా పద్ధతి చూసి అనుకునేవాళ్లు, కంపెనీగా రిజిస్టరైతే, ఒకటి తెలుసుకోవాలి. మన కంపెనీల చట్టంలో ఉద్యోగుల స్టాక్ ఆప్షన్లు ఉద్యోగులకూ డైరెక్టర్లకూ తప్ప బయటి సలహాదారుకు ఇవ్వడానికి కుదరవు. ఇస్తామని పేజీలో రాసేస్తే అమలుచేయలేని మాట ఇచ్చినట్టే.

ఇప్పుడు లెక్క దగ్గరకు వద్దాం. అరువు పేర్ల వల్ల అసలు హాని జరిగేది ఇక్కడే. మొదటి ప్రతిలో ఆ మేనేజర్లెవరికీ లాభనష్టాల పట్టికలో జీతం లేదు. కూలీల ఖర్చు ఉంది, మేనేజర్ల వరుస లేదు. మొదటి ఏడాది లాభం ఆరున్నర లక్షలని చూపించారు.

ఖాళీల్ని నిజాయితీగా పూడిస్తే ఏమవుతుందో చూడండి. ప్రొడక్షన్ సూపర్వైజరుకు నెలకు 30 వేలు, ఏడాదికి 3 లక్షల 60 వేలు. యంత్రాలు బిగించేటప్పుడే ఉండాలి కాబట్టి ఉత్పత్తికి ముందు రెండు నెలల జీతం 60 వేలు ప్రారంభ ఖర్చుల్లో వేరుగా వేయాలి. అమ్మకాల మనిషికి జీతం, తిరుగుళ్లు కలిపి నెలకు 28 వేలు, నాలుగో నెల నుంచి తొమ్మిది నెలలకు 2 లక్షల 52 వేలు. అకౌంటెంటుకు నెలకు 6 వేల చొప్పున 72 వేలు. సలహాదారు ఫీజు 90 వేలు. ప్రారంభ ఖర్చు పక్కన పెట్టినా మొత్తం 7 లక్షల 74 వేలు. ఆరున్నర లక్షల లాభం లక్షా 24 వేల నష్టంగా తేలింది.

ఇది చూసి "అందుకే రాయొద్దన్నాం" అంటారు. రాయకపోతే నష్టం రాదా? జీతం పట్టికలో లేనంత మాత్రాన మనిషి ఉచితంగా రాడు. రాసినవాళ్లకు ఈ నష్టం అప్పు తీసుకోకముందు కాగితం మీద కనపడుతుంది. రాయనివాళ్లకు ఎనిమిదో నెలలో, వాయిదా కట్టే రోజున కనపడుతుంది. కాగితం మీద కనపడినప్పుడు చేయగలిగినవి చాలా ఉన్నాయి. మన అక్కాతమ్ముళ్లు మొదటి ఏడాది సీసాల జోలికి పోకుండా, నూనెను డ్రమ్ముల్లో టోకున అమ్మాలని నిర్ణయించుకోవచ్చు. అప్పుడు అమ్మకాల మనిషి ఖర్చు రెండో ఏడాదికి జరుగుతుంది. టోకు ధర తక్కువ కాబట్టి ఆదాయం అంచనా కూడా దించాలి, అది దించకుండా ఖర్చు మాత్రమే దించడం మళ్లీ అదే మోసం. దించాక అంచనా బొటాబొటీగా మిగిలితే వాయిదాలు మొదలయ్యే ముందు గడువు ఎక్కువ అడగాలి, లేదా యంత్రం సైజు తగ్గించి అప్పే తగ్గించాలి. ఇవన్నీ శాంక్షనుకు ముందైతే సంభాషణలు. తర్వాతైతే నోటీసులు.

నియామకాల ప్రణాళికను తేదీలతో కాకుండా జరిగే సంఘటనలతో కట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. ‘సెప్టెంబరులో మార్కెటింగ్ మేనేజరు’ అని రాస్తే సెప్టెంబరు వస్తుంది, అమ్మకాలు రాకపోవచ్చు. ‘టోకు అమ్మకాలు వరుసగా మూడు నెలలు అనుకున్న మొత్తానికి చేరాక అమ్మకాల మనిషిని తీసుకుంటాం, అప్పటిదాకా ఆ పని తమ్ముడు చేస్తాడు’ అంటే మనిషీ జీతమూ ఆదాయమూ ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. సూపర్వైజరు విషయంలో మాత్రం ఆగడానికి లేదు. అందుకని మనిషిని ముందే వెతకాలి. బాపట్ల ఫుడ్ టెక్నాలజీ కాలేజీలో చదివిన కుర్రాడు హైదరాబాదు వదిలి కోనసీమకు ఎందుకు వస్తాడు? ఆ ప్రశ్నకు జవాబు పేజీలో ఉండాలి: ఇంటి అద్దె మనం కడతామా, సొంతూరు ఇటువైపైన వాళ్లను వెతుకుతామా. అప్పు శాంక్షనైతే చేరతానని ఒక అభ్యర్థి సంతకం పెట్టిన కాగితం ఉంటే, అది ముగ్గురు ప్రొఫెసర్ల పేర్లకు మించిన ఆధారం. ఆ అభ్యర్థి చేరకపోయినా, ఏడాది తిరక్కుండా మానేసినా ఎవరు చూస్తారన్నది కూడా రాయాలి. సలహాదారు ఆ నెలలో ఎక్కువ రోజులు రావడానికి ఒప్పుకున్నారా? ఒప్పుకుంటే ఆ రోజుల ఫీజు ఎంత?

సొంత జీతాల ప్రశ్న చాలా రిపోర్టుల్లో ఎగిరిపోతుంది. అక్క ఉద్యోగం మానేసి పూర్తికాలం ఇక్కడే ఉంటుందని రాసి, పట్టికలో ఆమెకు ఒక్క రూపాయీ చూపకపోతే, ఆమె ఇల్లెలా గడుస్తుందని బ్యాంకు అడుగుతుంది, అడగాలి కూడా. మొదటి ఏడాది నాన్నగారి వ్యాపారం మీద గడుస్తుందనుకుంటే ఆ మాటే రాయాలి. ఇంకా ఉద్యోగం వదలకపోతే శని, ఆదివారాలు మాత్రమే వస్తానని రాయాలి.

చివరికి మిగిలే అభ్యంతరం ఒకటుంది: "ఇంత నిజం రాస్తే బ్యాంకు కాదంటే?" అప్పుడు ఎందుకు కాదన్నదో తెలుస్తుంది. అలంకరించిన పేజీని తిప్పికొడితే ఏది నమ్మలేదో అంతుబట్టదు, మరో రెండు పేర్లు చేర్చి మళ్లీ పెట్టడం తప్ప గతి ఉండదు. నాణ్యత అనుభవం లేదని రాసిన పేజీని ఆ కారణంతో తిప్పికొడితే చేయాల్సిన పని కళ్ల ముందుంటుంది. కొబ్బరి అభివృద్ధి బోర్డు కేరళలో ఆలువా దగ్గర వాళక్కుళంలో కొబ్బరి ఉత్పత్తుల తయారీ నేర్పే సంస్థను నడుపుతోంది. అక్క అక్కడికి వెళ్లి నేర్చుకోవచ్చు. తమ్ముడు నడుస్తున్న ఒక యూనిట్టులో ఒక సీజను జీతానికి చేరి బ్యాచ్‌లు చూడొచ్చు. తర్వాత అదే బ్యాంకుకు, అదే రిపోర్టుతో వెళ్లినప్పుడు పాత వాక్యం కొట్టేసి, శిక్షణ ధ్రువపత్రం, పనిచేసిన యూనిట్టు ఇచ్చిన లేఖ జతచేసి, దాని చోట కొత్తది రాస్తారు: ‘తమ్ముడు ఒక సీజను నూనె యూనిట్టులో పనిచేశాడు. సీసా సరుకు అమ్మకం ఇంకా తెలియదు, అందుకే మొదటి ఏడాది టోకు అమ్మకాలే.’